పీచు ఒకటి కాదు, రెండు: మలబద్ధకం తగ్గినా కొలెస్ట్రాల్ ఎందుకు తగ్గలేదు?

మా దగ్గర జొన్నపిండి, రాగిపిండి, దంపుడు బియ్యం తీసుకునేవాళ్లు ఫోన్ చేసినప్పుడు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "వీటిలో పీచు బాగా ఉంటుంది కదండీ, తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందా?" అని. అవునంటే సరుకు అమ్ముడుపోతుంది. కానీ ఆ సమాధానం సగమే నిజం. అందుకే ఈ వీడియో, దాంతోపాటు ఈ వ్యాసం.

పీచులో రెండు రకాలున్నాయి. నీళ్లలో కరిగేది ఒకటి, కరగనిది ఒకటి. రెండూ మన ఒంట్లో అరగనివే. కానీ పేగులో అవి చేసే పని వేరు వేరు. ఒకటి చేసే పని రెండోది చెయ్యదు. ప్యాకెట్ మీద "పీచు 11 గ్రాములు" అని మొత్తం కలిపి రాస్తే, ఏది ఎంత ఉందో మనకి తెలియదు. అక్కడే మోసపోతాం.

మూడు గ్లాసుల పరీక్ష

వీడియో మొదట్లో చూపించింది ఇదే. ఇంట్లో మీరూ చేసి చూడొచ్చు. మూడు గాజు గ్లాసుల్లో ఒక్కో దాంట్లో పావు లీటరు నీళ్లు పోయండి. మొదటి దాంట్లో ఒక చెంచా గోధుమ పొట్టు, రెండో దాంట్లో ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు, మూడో దాంట్లో ఒక చెంచా మెంతిపిండి వేసి కలపండి. పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచండి.

గోధుమ పొట్టు కొంచెం నాని, చాలా భాగం అడుక్కి చేరుతుంది. పైన నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. గ్లాసు వంచితే జారిపోతాయి. ఇది కరగని పీచు. ఇసబ్‌గోల్ గ్లాసులో నీళ్లు కనపడవు. మొత్తం జిగురుగా, జెల్లీలా బిగుసుకుంటుంది. ఇది జిగురు కట్టే కరిగే పీచు. మెంతిపిండి గ్లాసు చూస్తే రెండూ కనపడతాయి. అడుగున పొట్టు నలకలు, పైన చిక్కబడ్డ జిగురు నీళ్లు. మెంతుల బరువులో దాదాపు సగం పీచే. అందులో రెండు రకాలూ దండిగా ఉన్నాయి.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "మరి రాగిజావ కూడా చిక్కగా ఉంటుంది కదా, అదీ కరిగే పీచేనా?" కాదండి. జావ చిక్కబడేది పిండిపదార్థం వల్ల. తేడా తెలుసుకోడానికి ఒక పాతకాలపు పరీక్ష ఉంది. గోరువెచ్చటి చిక్కటి జావ ఒక చెంచా తీసుకుని, అందులో కొంచెం ఉమ్ము కలిపి పది నిమిషాలు ఉంచండి. పలచబడిపోతుంది. ఉమ్ములో ఉండే అమైలేజ్ అనే ఎంజైము పిండిని విరగ్గొడుతుంది. ఇసబ్‌గోల్ జిగురులో అదే చేయండి, అలాగే ఉంటుంది. నోట్లోనే పలచబడేది పేగు దాకా జిగురుగా చేరదు. చేరకపోతే మనం ఇప్పుడు చెప్పుకోబోయే పని చెయ్యదు.

ఈ పరీక్షకి ఒక పరిమితి ఉంది. కరిగే పీచంతా గ్లాసులో గడ్డకట్టదు. జామ, బత్తాయిల్లో ఉండే పెక్టిన్, పప్పుల్లో ఉండే కరిగే పీచు ఇలా చెంచాతో వేసి చూస్తే తెలియవు. కాబట్టి గ్లాసులో గడ్డకట్టలేదని ఆ పదార్థాన్ని కొట్టిపారేయకండి.

కరగని పీచు చేసే పని

పశువులున్నవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. వరిగడ్డిలో ఉండేది ఎక్కువగా సెల్యులోజ్. ఆవు దాన్ని తిని పాలిస్తుందంటే, దాని మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆ సెల్యులోజ్‌ని విరగ్గొట్టి పెడుతున్నాయి కాబట్టి. మనకి ఆ పొట్ట లేదు. జొన్న పైపొర, గోధుమ పొట్టు, బియ్యం తవుడు, కందిపొట్టు మనం తింటే అందులో పీచు దాదాపు వెళ్లినట్టే బయటికి వస్తుంది.

మరి ఉపయోగమేంటి? గరుకుగా ఉండే ఆ నలకలు పెద్దపేగు లోపలి గోడని తాకుతూ పోతాయి. ఆ రాపిడికి గోడ నీళ్లు, జిగట పదార్థం వదులుతుంది. దాంతో మలం మెత్తబడుతుంది, పరిమాణం పెరుగుతుంది, త్వరగా కదులుతుంది. మలబద్ధకం తగ్గడానికి కారణం ఇదే.

అంటే ఇక్కడ పీచు ఎంతుందో కాదు, ఎంత గరుకుగా ఉందో కూడా ముఖ్యమే. గోధుమ పొట్టు మీద చేసిన పరిశోధనల్లో తేలిన సంగతి ఇది. గరుకు పొట్టు బాగా పనిచేస్తుంది. అదే పొట్టుని మెత్తగా పొడి చేసి ఇస్తే ఆ పని చెయ్యదు. పైగా నీళ్లు పట్టి ఉంచకుండా బరువు మాత్రమే పెంచి, మలం ఇంకా గట్టిపడేలా కూడా చేస్తుంది. "పొట్టు తీయని పిండే తింటున్నా, అయినా సాఫీగా అవ్వట్లేదు" అనేవాళ్లు ముందు పిండిని వేళ్ల మధ్య నలిపి చూడండి. పౌడర్‌లా జారిపోతుంటే, మరలో కొంచెం రవ్వగా పట్టించుకోండి. రొట్టెకి మెత్తటి పిండి కావాలి, అది వేరు. సంకటికి, ఉప్మాకి రవ్వ చాలు. దాంతోపాటు నీళ్లు కూడా సరిపడా తాగాలి.

ఇంత చేసినా, ఈ కరగని పీచు రక్తంలో కొలెస్ట్రాల్‌ని చెప్పుకోదగ్గంతగా తగ్గించదు. ఎందుకంటే కొలెస్ట్రాల్ తగ్గేది రాపిడి వల్ల కాదు, జిగురు వల్ల.

జిగురు కొలెస్ట్రాల్‌ని ఎలా తగ్గిస్తుంది?

మనం తిన్న కొవ్వు అరగాలంటే పైత్యరసం కావాలి. దాన్ని కాలేయం తయారుచేస్తుంది. అందులో ముఖ్యమైన పైత్య ఆమ్లాలకి ముడిసరుకు కొలెస్ట్రాలే. ఈ రసం చిన్నపేగులోకి వచ్చి పని చేసి వృథాగా పోదు. చిన్నపేగు చివరి భాగంలో పైత్య ఆమ్లాల్లో దాదాపు 95 శాతం మళ్లీ పీల్చబడి కాలేయానికి తిరిగి చేరతాయి. చేపల ట్యాంకులో ఉన్న నీళ్లనే తిప్పి తిప్పి వాడుకున్నట్టు. కొత్తగా తయారుచేయాల్సింది రోజుకి కొంచెమే.

భోజనంతోపాటు జిగురు కట్టే పీచు వెళ్లిందనుకోండి. చిన్నపేగులో అది జెల్లీలా పట్టి, పైత్య ఆమ్లాల్లో కొంత భాగాన్ని తనలో చిక్కించుకుంటుంది. పేగు గోడ దాకా అవి చేరవు. అలా చిక్కినవి పెద్దపేగులోకి, అక్కడినుంచి బయటికి పోతాయి. కాలేయానికి ఇప్పుడు లోటు వచ్చింది. కొత్త పైత్యరసం చేయాలి, దానికి కొలెస్ట్రాల్ కావాలి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని, అంటే చెడు కొలెస్ట్రాల్ అంటామే, దాన్ని లాక్కుంటుంది. పరీక్షలో ఎల్‌డీఎల్ తగ్గేది అందుకే.

ఇదే జిగురు అన్నంలోని చక్కెర రక్తంలోకి ఎక్కే వేగాన్ని కూడా తగ్గిస్తుంది. భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగకుండా ఉండటానికి అది ఉపయోగం.

ఎంత తింటే పనిచేస్తుంది? ఓట్స్, బార్లీల్లో ఉండే కరిగే పీచు పేరు బీటా గ్లూకాన్. రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ అనే లెక్క మీద అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఓట్స్ ప్యాకెట్ల మీద గుండె ఆరోగ్యం మాట రాసుకోడానికి అనుమతిచ్చింది. మరుసటి ఏడాది ఇసబ్‌గోల్‌కీ ఇచ్చింది. అక్కడ లెక్క రోజుకి 7 గ్రాముల కరిగే పీచు, అంటే సుమారు 10 గ్రాముల పొట్టు. చాలా పరిశోధనలని కలిపి చూసిన లెక్క ప్రకారం, రోజుకి ఒక్కో గ్రాము కరిగే పీచు పెంచితే ఎల్‌డీఎల్ సగటున 2 మిల్లీగ్రాములు తగ్గుతుంది. పెద్ద తగ్గుదల కాదు. మాత్రకి సమానం కాదు. కానీ తిండితో వచ్చేది కాబట్టి వదులుకోవాల్సింది కూడా కాదు.

మన గింజల్లో ఏది ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో కరిగేది, కరగనిది విడివిడిగా ఇచ్చారు. అందులోంచి నాలుగు మాత్రం చెప్తా. 100 గ్రాముల తెల్ల బియ్యంలో మొత్తం పీచు 3 గ్రాముల లోపు, అందులో కరిగేది ఒక గ్రాము కూడా ఉండదు. జొన్నలో మొత్తం 10 గ్రాములు, కరిగేది 1.7. రాగిలో మొత్తం 11, కరిగేది దాదాపు అంతే, 1.7. బార్లీలో మొత్తం 15కి పైనే, కరిగేది ఐదున్నర.

చూశారా? జొన్న, రాగి పీచులో ఆరింట ఐదు వంతులు కరగనిదే. అందుకే అవి మలబద్ధకానికి బాగా పనికొస్తాయి. కొలెస్ట్రాల్‌కి బార్లీ చేసే పని అవి చెయ్యలేవు. బార్లీలో ఇంకో సుగుణం ఉంది. దాని బీటా గ్లూకాన్ పైపొరలోనే కాకుండా గింజంతా ఉంటుంది. పైపొర తీసిన తెల్ల బార్లీలో కూడా చాలావరకు మిగులుతుంది. బియ్యం అలా కాదు, పాలిష్ పడితే ఉన్న పీచు తవుడులో పోతుంది.

బార్లీ, ఇసబ్‌గోల్ మన పొలాల పంటలు కాదు. బార్లీ ఎక్కువగా రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి, ఇసబ్‌గోల్ గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి వస్తాయి. ఇసబ్‌గోల్‌కి పొడి, చలి వాతావరణం కావాలి. కోతకొచ్చాక ఒక్క వాన పడితే పంట పాడైపోతుంది. మన దగ్గర దొరికేవాటిలో కరిగే పీచు కోసం చూడాల్సినవి మెంతులు, బెండకాయ, చిక్కుడు గింజలు, అలసందలు, పప్పులు, జామ, బత్తాయి. బత్తాయి రసం వడకట్టి తాగితే కాదు. తొనల మీద ఉండే తెల్ల పొరతో సహా తినాలి, పెక్టిన్ ఉండేది అక్కడ. బెండకాయ జిగట కూడా ఈ రకం పీచే.

మెంతుల గురించి ఒక మాట. జాతీయ పోషకాహార సంస్థలో 1980, 90ల్లో షుగర్ ఉన్నవాళ్ల మీద మెంతులతో పరిశోధనలు జరిగాయి. వాటిలో వాడిన మోతాదు రోజుకి 25 గ్రాములు, కొన్నిట్లో 100 గ్రాముల దాకా. మన పోపులో పడే అర చెంచా రెండు గ్రాములే. పోపులో మెంతులు వేస్తున్నాం కదా, కొలెస్ట్రాల్ తగ్గాలి కదా అంటే లెక్క కుదరదు.

ఒక మాస్టారి లెక్క

మా దగ్గర జొన్నపిండి తీసుకునే ఒక మాస్టారున్నారు, వయసు యాభై దాటింది. ఆయన అనుమతితో రిపోర్టుల అంకెలు చెప్తున్నా. మొదట్లో ఎల్‌డీఎల్ 148. డాక్టరు గారు "మాత్రకి ముందు కొన్ని నెలలు తిండి మార్చి చూద్దాం" అన్నారు. ఆయన రాత్రి 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నం మానేసి 100 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు మొదలుపెట్టారు. ఉదయం ఎప్పటిలాగే 40 గ్రాముల రాగిపిండి జావ.

మూడు నెలలకి విరేచనం సాఫీ అయింది. ఎల్‌డీఎల్ మాత్రం 146. ఆయన నాతో అన్నమాట, "ఏమయ్యా, ఇంత పీచు తింటే రెండు పాయింట్లేనా?"

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. అన్నం నుంచి రొట్టెకి మారినందువల్ల కరగని పీచు రోజుకి ఐదున్నర గ్రాములు పెరిగింది. అందుకే మలబద్ధకం పోయింది. కరిగే పీచు పెరిగింది అర గ్రాము మాత్రమే. దానికి తగ్గాల్సింది ఒక మిల్లీగ్రాము. రెండు తగ్గిందంటే లెక్క సరిగ్గానే ఉన్నట్టు. జొన్న తప్పేం లేదు, దాని పని అది చేసింది.

ఆయన డాక్టరు గారితో మాట్లాడి రెండు మార్పులు చేశారు. రొట్టె అలాగే ఉంచారు. రాగిజావ బదులు ఉదయం 50 గ్రాముల బార్లీ రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా మజ్జిగతో తీసుకున్నారు. నీళ్లు పారబోస్తే కరిగిన బీటా గ్లూకాన్ కొంత వాటితోపాటే పోతుంది. రాత్రి భోజనానికి ముందు ఒక పెద్ద చెంచా ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లతో. మా ప్యాకింగ్ తూకంలో పెడితే ఆ చెంచా 5 గ్రాములు తూగింది. బార్లీతో కరిగే పీచు రెండు గ్రాములకి పైగా, ఇసబ్‌గోల్‌తో మూడున్నర పెరిగాయి. మొత్తం ఐదున్నర గ్రాములు. గ్రాముకి రెండు చొప్పున 11 తగ్గాలి. పది వారాల తర్వాత పరీక్షలో 134 వచ్చింది.

ఒక మనిషి రిపోర్టు రుజువు కాదు. ల్యాబు పరీక్షలో కూడా రోజుకీ రోజుకీ కొంత తేడా వస్తుంది. మీరు చేసి చూడాలనుకుంటే ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. కనీసం ఆరు వారాలు ఆగి, అదే ల్యాబులో పరీక్ష చేయించండి.

ఆయన రిపోర్టులో కదలని అంకె ఒకటుంది, ట్రైగ్లిజరైడ్లు. మొదట 190, చివర్లో 188. అది మామూలే. కరిగే పీచు ప్రధానంగా ఎల్‌డీఎల్ మీదే పనిచేస్తుంది. ట్రైగ్లిజరైడ్ల మీద, హెచ్‌డీఎల్ మీద దాని ప్రభావం చాలా తక్కువ. ట్రైగ్లిజరైడ్లు తగ్గాలంటే చూసుకోవాల్సింది మధ్యాహ్నం పళ్లెంలో అన్నం ఎంత, టీలో పంచదార ఎంత, మందు అలవాటుందా, నడక ఉందా అన్నవి. "ఇసబ్‌గోల్ తాగుతున్నా కదా" అని వాటిని వదిలేస్తే ఆ అంకె కదలదు.

ఎక్కడ తేడా కొడుతుంది?

కరిగే పీచంతా మలబద్ధకానికి పనికొస్తుందనుకోకూడదు. బార్లీ, పప్పులు, పండ్లలోని కరిగే పీచుని పెద్దపేగులో సూక్ష్మజీవులు తినేస్తాయి. అది పులిసి గ్యాస్ వస్తుంది, జిగురు చివరిదాకా మిగలదు. ఇసబ్‌గోల్ అలా పెద్దగా పులవదు. నీళ్లు పట్టుకుని చివరిదాకా జిగురుగానే వెళ్తుంది. అందుకే అది గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, పలచటి విరేచనాన్ని చిక్కబరుస్తుంది. రెండువైపులా పనిచేసేది అదే.

అలసందలు, చిక్కుడు గింజలు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం ఖాయం. వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోతే రెండు మూడు వారాల్లో పేగు అలవాటు పడుతుంది.

ఇసబ్‌గోల్ పొడిగా నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్లు తాగడం ప్రమాదం. గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు. కనీసం పావు లీటరు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగాలి. మింగడం కష్టంగా ఉండేవాళ్లు, పేగు ఇరుకైందని డాక్టరు చెప్పినవాళ్లు వాడకూడదు. ఆ జిగురు పైత్యరసాన్ని పట్టినట్టే మాత్రల్ని కూడా పట్టుకుంటుంది. థైరాయిడ్ మాత్ర లాంటివి వేసుకునేవాళ్లు ఎంత ఎడం ఇవ్వాలో డాక్టరుని అడగండి. మామూలుగా కనీసం రెండు గంటలు ఉండాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మెంతులు ఎక్కువ మోతాదులో మొదలుపెడితే షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది, చెప్పకుండా మొదలుపెట్టకండి. కొలెస్ట్రాల్ మాత్ర ఇప్పటికే వాడుతున్నవాళ్లు పీచు పెంచామని దాన్ని సొంతంగా మానేయొద్దు.

ఇప్పుడు ఫోన్‌లో ఎవరైనా అడిగితే నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తున్నా. "మీ ఇబ్బంది విరేచనమా, ఎల్‌డీఎలా?" విరేచనమైతే రవ్వగా పట్టిన జొన్న, రాగి, పొట్టు తీయని గింజ. ఎల్‌డీఎల్ అయితే బార్లీ, ఇసబ్‌గోల్, మెంతులు, పప్పులు, చిక్కుడు గింజలు. రెండూ ఉంటే రెండూ తినాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు. బార్లీ నానబెట్టి ఉడికించే పద్ధతి, నీళ్ల కొలతతో సహా, వీడియో చివరి భాగంలో ఉంది, చూడండి.